స్టార్‌లోనే ఉండిపోయే స్టార్టర్, దానికి వేసిన లూప్ వైరు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది విడవలూరు మండలం. రొయ్యల గుంటలకు ఉప్పు కాలవ నుంచి నీళ్లు తోడే 20 హెచ్‌పీ మోటారు ఉంది, సెంట్రిఫ్యూగల్ పంపు. స్టార్ డెల్టా పానెల్ పెట్టి ఆరేళ్లయింది. నెల కిందట స్టార్‌లోనే ఉండిపోవడం మొదలైంది. నీళ్లు తక్కువ వచ్చేవి, రెండు మూడు నిమిషాలకు రిలే పడిపోయేది. ఒక మేస్త్రీ టైమర్ మార్చాడు, తేడా లేదు. ఇంకొకాయన స్టార్ కాంటాక్టర్ పక్కన చిన్న వైరు ముక్క వేసి ఇక మారుతుందిలే అన్నాడు. స్టార్ట్ చేస్తే ఐదు సెకన్లకు, డెల్టా పడే టైముకి ఢామ్మని ఎంసీబీ పడిపోయింది. మళ్లీ ఎత్తినా అంతే. ఒకరు వైండింగ్ పోయింది అంటారు, ఒకరు పానెలే మార్చమంటారు. సాయంత్రాలు ఓల్టేజి 360కి పడిపోతుంది. రిలే 16 మీద ఉంది, అది తక్కువేమో అని కూడా అనుమానం. గుంటల్లో నీళ్లు తగ్గుతున్నాయి, టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

సమాధానం:

తమ్ముడూ, ముందు ఆ ఎంసీబీని మళ్లీ ఎత్తకండి. మెయిన్ ఆఫ్ చేసి, ఆ వైరు ముక్క ఏ రెండు స్క్రూల మధ్య ఉందో ఫోన్‌లో ఫోటో తీసుకుని, దాన్ని పీకేయండి. మిగతా పనంతా దాని తరవాతే.

మీరు రాసిన దాన్నిబట్టి మోటారు మీద నాకు పెద్దగా అనుమానం లేదు. వైండింగ్ షాపుకు పంపే తొందర వద్దు. ఎందుకంటే ఆ ఢామ్మనే శబ్దానికి మోటారుతో పని లేదు, అది పానెల్ లోపలే పుడుతుంది. ఎలాగో చెబుతాను, అది అర్థమైతే మిగతా చెకింగ్ అంతా మీకే తోస్తుంది.

మోటారు నుంచి పానెల్‌కు ఆరు వైర్లు వస్తాయి. మూడు వైండింగుల మూడు మొదళ్లు, మూడు చివరలు. పానెల్‌లో మూడు కాంటాక్టర్లుంటాయి, అంటే కాయిల్‌కు కరెంటు ఇస్తే లోపలికి లాగి కలిసే స్విచ్చులు. మొదళ్లకు మెయిన్ కాంటాక్టర్ కరెంటు ఇస్తుంది. స్టార్ కాంటాక్టర్ చేసేదల్లా మూడు చివరలనూ ఒకచోట కలిపి ముడి వెయ్యడం. డెల్టా కాంటాక్టర్ చేసేది అవే మూడు చివరలకు మూడు ఫేజులు ఇవ్వడం. ఇప్పుడు ఆలోచించండి. ముడి విప్పకముందే డెల్టా పడిందనుకోండి, మూడు ఫేజులు నేరుగా ఆ ముడిలోకి వచ్చి ఒకదాన్నొకటి తాకుతాయి. మధ్యలో వైండింగ్ లేదు, మోటారు లేదు. మోటారు వైర్లు ఆరూ ఊడదీసి పక్కన పెట్టినా ఢామ్మంటుంది. అందుకే అది మోటారు జబ్బు కాదన్నాను.

ఇది జరగకుండా ఉండటానికే స్టార్ కాంటాక్టర్ పక్కన చిన్న ఎన్‌సీ కాంటాక్టు, అంటే మామూలప్పుడు కలిసి ఉండేది, పెడతారు. మామూలుగా దాని మీద 21-22 అని ఉంటుంది, కొన్నిటికి 31-32 అని ఉంటుంది. డెల్టా కాయిల్‌కు వెళ్లే కంట్రోల్ వైరు దీని గుండానే పోవాలి. స్టార్ లోపలికి లాగి ఉన్నంతసేపూ ఈ కాంటాక్టు తెరుచుకుని ఉంటుంది, కాబట్టి డెల్టా కాయిల్‌కు కరెంటు అందదు. అలాగే స్టార్ కాయిల్‌కు వెళ్లే వైరు డెల్టా కాంటాక్టర్ ఎన్‌సీ గుండా పోతుంది. ఒకటి ఉంటే ఇంకొకటి రాకూడదు. దీన్నే ఇంటర్‌లాక్ అంటాం.

మీ రెండో మేస్త్రీ వైరు వేసింది సరిగ్గా ఈ 21-22 మీదే అని నా నమ్మకం. ఫోటో చూస్తే మీకే తెలుస్తుంది. టైమర్ దగ్గర 240 వస్తోంది, డెల్టా కాయిల్ దగ్గర రావడం లేదు, మధ్యలో ఉన్న ఎన్‌సీ తెరిచి ఉంది. దాన్ని చూసి ఆయన ఈ కాంటాక్టు చెడిపోయింది అనుకున్నారు. అది చెడిపోలేదు. స్టార్ ఇంకా విడవలేదు కాబట్టి అది తెరిచే ఉంది, తన పని తాను చేసింది. నెల రోజులుగా మీ పానెల్ పేలకుండా కాపాడింది ఆ చిన్న కాంటాక్టే.

ఇక్కడ ఒక తేడా గట్టిగా పట్టుకోండి. స్టార్‌లోనే ఉండిపోయింది అని అందరూ ఒకే మాట అంటారు గానీ, చూడటానికి దగ్గరగా ఉండే రెండు జబ్బులున్నాయి. ఒకదాంట్లో టైమ్ అయ్యాక స్టార్ విడిపోతుంది, డెల్టా పడదు. అప్పుడు మోటారుకు మెయిన్ నుంచి మొదళ్ల వరకు కరెంటు ఉన్నా చివరలు గాల్లో ఉంటాయి, కరెంటు తిరిగే దారి లేదు. మోటారు సద్దు తగ్గుతూ మెల్లగా ఆగిపోతుంది, మెయిన్ కాంటాక్టర్ మాత్రం లాగే ఉంటుంది. 21-22 నిజంగా చిలుం పట్టి చెడితే కనపడేది ఇదే. డెల్టా కాయిల్ కాలినా, టైమర్ డెల్టా వైపు కాంటాక్టు కలవకపోయినా ఇదే. రెండోదాంట్లో మోటారు ఆగదు, బరువుగా మూలుగుతూ తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు తక్కువ పోస్తుంది. అలా తిరుగుతోందంటే ముడి ఇంకా పడే ఉంది, అంటే స్టార్ కాంటాక్టర్ విడవలేదు. మీది ఇది.

స్టార్ విడవకపోవడానికి కారణాలు మూడే. ఒకటి, టైమర్ స్టార్ కాయిల్‌కు కరెంటు తియ్యకపోవడం. టైమర్ పాడైనా, దానికి సప్లై అందకపోయినా, రేంజి మీట సెకన్లకు బదులు నిమిషాల మీద ఉన్నా ఇలాగే ఉంటుంది. రెండు, కాయిల్‌కు కరెంటు పోయినా లోపల మెయిన్ కాంటాక్టులు కరిగి అతుక్కుపోవడం. మూడు, మాగ్నెట్ రెండు ముఖాల మధ్య తుప్పో జిడ్డో చేరి, లేకపోతే లోపలి ప్లాస్టిక్ జారుడు అరిగి, పట్టేసుకోవడం. మీ ఉప్పుగాలికి ఈ మూడోది బాగా వస్తుంది. చీమలు గూడు పెట్టినా, బల్లి దూరి చచ్చినా కూడా కాంటాక్టర్ సగంలో ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. మీకు కొత్త టైమర్ వేసినా తేడా రాలేదు కాబట్టి లోపం స్టార్ కాంటాక్టర్‌లోనే అనుకోవచ్చు. అయినా అనుకోవడం వేరు, మీటరు పెట్టి చూడటం వేరు. ఇది మీ ముందు మీ మేస్త్రీతో చేయించండి.

మెయిన్ స్విచ్ ఆఫ్ చేసి, ఫ్యూజులుంటే పీకి మీ జేబులో పెట్టుకోండి. మూడు ఫేజుల మీదా కరెంటు లేదని టెస్టర్‌తో కాకుండా మీటరుతో చూడండి. మోటారు వైర్లు ఆరింటికీ ఏది ఎక్కడిదో టేపు మీద రాసి అంటించి, స్టార్టర్ దగ్గర ఊడదీయండి. ఇప్పుడు మీటరును బీప్ మీద పెట్టి స్టార్ కాంటాక్టర్ మూడు పోల్స్ ఒక్కొక్కటి పైనుంచి కిందికి చూడండి. విడిచి ఉన్న కాంటాక్టర్‌లో ఒక్కటీ మోగకూడదు. తరవాత 21-22 మీద పెట్టండి, అది మోగాలి. స్క్రూడ్రైవర్‌తో కాంటాక్టర్ మధ్య భాగాన్ని లోపలికి నొక్కితే రెండూ తారుమారు కావాలి, పోల్స్ మోగాలి, 21-22 ఆగిపోవాలి. వదిలితే టక్కున వెనక్కి రావాలి, నాన్చుతూ రాకూడదు. ఎవరూ ముట్టకుండానే పోల్స్ మోగుతూ, 21-22 మోగకుండా ఉంటే అవి అతుక్కున్నాయని తేలిపోయినట్టే. మీ పానెల్‌లో ఇప్పుడు కనపడబోయేది అదే అనుకుంటున్నాను. ఆ వైరు ముక్క ఉంచి చూస్తే మాత్రం 21-22 ఎప్పుడూ మోగుతూనే ఉండి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది, అందుకే ముందే పీకమన్నాను.

అతుక్కున్న కాంటాక్టులను స్క్రూడ్రైవర్‌తో విడదీసి, ఆకురాయి పెట్టి రుద్ది మళ్లీ వాడదాం అంటారు. వద్దు. పైనున్న వెండి పూత పోయాక ఆ కాంటాక్టు ఇంకా తొందరగా కరుగుతుంది. స్టార్ కాంటాక్టర్ కొత్తది వెయ్యండి. డెల్టా కాంటాక్టర్ మూత కూడా తీసి చూడండి. రెండు సార్లు షార్ట్ దాని గుండానే పోయింది. కాంటాక్టుల మీద గుంటలు, నల్లటి ముద్దలు ఉంటే దాన్నీ మార్చాలి. ఎంసీబీ రెండు దెబ్బలు తింది, మీట వదులుగా ఉన్నా, కేసు మీద కాలిన గుర్తు ఉన్నా అదీ మార్చండి. పానెల్ మొత్తం మార్చాల్సిన అవసరం నాకు కనపడటం లేదు. మోటారు వైర్లు ఎలాగూ ఊడదీశారు కాబట్టి మెగ్గర్‌తో వైండింగ్‌కూ బాడీకీ మధ్య, వైండింగుకూ వైండింగుకూ మధ్య ఇన్సులేషన్ చూడమనండి. నెల రోజులు స్టార్‌లో మూలిగిన మోటారు కాబట్టి ఈ పరీక్ష మానొద్దు. ఒక మెగాఓమ్‌కు పైన చూపిస్తే నడపవచ్చు, ఇంకా ఎక్కువుంటే ఇంకా మంచిది.

కొత్త కాంటాక్టర్ వేశాక మోటారు వైర్లు కలపకుండానే ఒకసారి స్టార్ట్ నొక్కండి. దీన్ని మేం ఉత్త రన్ అంటాం. మెయిన్, స్టార్ రెండూ ఒకేసారి టక్కున లాగాలి. టైమర్ దీపం వెలగాలి. పెట్టిన సెకన్లు అయ్యాక ముందు స్టార్ విడిచిన శబ్దం, ఒక రెప్పపాటు ఖాళీ, ఆ తరవాత డెల్టా లాగిన శబ్దం. రెండు శబ్దాలు చెవికి విడివిడిగా వినపడాలి. ఒక్క దెబ్బగా వినపడితే టైమర్‌ను అనుమానించండి. స్టార్ డెల్టాకని చేసిన టైమర్‌లో రెండింటి మధ్య సెకనులో ఇరవయ్యో వంతు దాకా విరామం ఉంటుంది, ముడి విడిపోయేటప్పుడు పుట్టిన నిప్పు ఆరడానికి. మొదటి మేస్త్రీ అందుబాటులో ఉందని మామూలు ఆన్ డిలే టైమర్ పెట్టి ఉంటే ఆ విరామం ఉండదు. ఇంటర్‌లాక్ సరిగ్గా ఉంటే అదీ నడుస్తుంది గానీ నేనైతే స్టార్ డెల్టా టైమరే వేస్తాను. టైమర్ కొన్నప్పుడు దాని పక్కన అచ్చు వేసిన బొమ్మ చూసే వైర్లు కలపాలి. నంబర్లు ఒక కంపెనీకీ ఇంకో కంపెనీకీ కలవవు.

ఉత్త రన్‌లో డెల్టా పడకపోతే మీటరును ఓల్ట్స్ మీద పెట్టి, ఒక మొన న్యూట్రల్ మీద ఉంచి, రెండో మొనతో కరెంటు వెంట నడవండి. ఓవర్‌లోడ్ రిలే 95, 96, తరవాత స్టాప్ బటన్, స్టార్ట్ బటన్, టైమర్ డెల్టా కాంటాక్టు బయటికి వచ్చే చోట, స్టార్ 21, తరవాత 22, చివరికి డెల్టా కాయిల్ ఏ1. 240 ఎక్కడి వరకు ఉండి ఎక్కడ మాయమైందో ఆ రెండు స్క్రూల మధ్యే లోపం. ఏ1 వరకు వచ్చి కాయిల్ లాగకపోతే ఏ2కు న్యూట్రల్ అందడం లేదు, లేదా కాయిల్ కాలింది. మీ పానెల్‌లో కాయిల్స్ 415 ఓల్టులవైతే న్యూట్రల్ బదులు రెండో కంట్రోల్ ఫేజు మీద మొన పెట్టాలి, అప్పుడు 415 కనపడాలి. కాయిల్ మీద ఎంతని రాసుందో చూసి మొదలుపెట్టండి. కరెంటు ఉన్న పానెల్‌లో పని ఇది, అలవాటున్న మనిషే చెయ్యాలి, కాళ్ల కింద ఎండు చెక్క ఉండాలి. గుంటల గట్టు మీద తడి మట్టిలో నిలబడి చెయ్యకూడదు.

ఇక అసలు ప్రశ్న. ఆరేళ్లు పనిచేసిన స్టార్ కాంటాక్టర్ ఇప్పుడెందుకు అతుక్కుంది? ఇది వదిలేస్తే కొత్త కాంటాక్టర్ కూడా కొన్ని నెలల్లో ఇదే దారి పడుతుంది.

మీరే రాశారు, ఐదు సెకన్లకు డెల్టా పడబోతుందని. సాయంత్రాలు 360 ఓల్టులని. నాకు కారణం అక్కడే కనపడుతోంది. స్టార్‌లో మోటారు ఇచ్చే తోపు డెల్టాలో ఇచ్చేదాంట్లో మూడో వంతు. ఓల్టేజి తగ్గితే ఆ తోపు ఓల్టేజి వర్గం లెక్కన పడిపోతుంది. 415 బదులు 360 ఉంటే ముప్పాతిక తోపే మిగులుతుంది. అంటే మూడో వంతు కాస్తా నాలుగో వంతు అవుతుంది. అంత తోపుతో పంపును, పైపులో నీటిని స్పీడుకు తేవడానికి ఐదు సెకన్లు చాలవు. ఇంకా స్పీడు అందుకోని మోటారు స్టార్‌లో 50 ఆంపియర్ల దాకా తీస్తూ ఉంటుంది. సరిగ్గా అప్పుడు టైమర్ స్టార్‌ను విడిచెయ్యమంటుంది. 20 హెచ్‌పీకి పెట్టే స్టార్ కాంటాక్టర్ చిన్నది, ఎందుకంటే అది తక్కువ కరెంటు మీద కొద్ది సెకన్లు పనిచేస్తే చాలనే లెక్కతో పెడతారు. రోజూ సాయంత్రం దాని చేత నిండు కరెంటును తెంపిస్తే ప్రతిసారీ కొంచెం కొంచెం కరుగుతుంది. చివరికి ఒకరోజు విడవదు. అలా విడవకపోవడమే మీరు నెల కిందట చూసిన మొదటి లక్షణం.

ఐదు సెకన్లను ఎంతకు మార్చాలి? ఎవరినీ అడగక్కర్లేదు, మోటారే చెబుతుంది. సప్లై వైపు ఒక ఫేజుకు టాంగ్ టెస్టర్ తగిలించి, సాయంత్రం ఓల్టేజి తక్కువ ఉన్న టైములోనే స్టార్ట్ చేయండి. డెలివరీ వాల్వ్ మూసే ఉంచండి, సెంట్రిఫ్యూగల్ పంపుకు వాల్వ్ మూసి ఉంటే బరువు తక్కువ. (పక్క గుంటల వాళ్లది యాక్సియల్ ఫ్లో పంపు అయితే వాళ్లకు ఈ మాట చెప్పకండి, దానికి వాల్వ్ మూస్తే బరువు పెరుగుతుంది.) టైమర్‌ను ఈ పరీక్ష వరకు 15 సెకన్ల మీద పెట్టండి. ఆంపియర్లు మొదట పైకి లేచి, కాసేపు అక్కడే ఉండి, తరవాత కిందికి జారి ఒకచోట నిలబడతాయి. నిలబడేసరికి ఎన్ని సెకన్లయిందో లెక్కపెట్టుకోండి. దానికి ఒకటి కలిపి టైమర్‌ను అక్కడ పెట్టండి. తొమ్మిది వస్తే పది. డెల్టా పడ్డాక వాల్వ్ మెల్లగా తెరవండి. 15 సెకన్లకు కూడా కరెంటు జారకపోతే టైమర్ పెంచుకుంటూ పోవడం తప్పు. పంపు బిగుసుకుందో, బేరింగ్ పోయిందో, ఓల్టేజి మరీ అడుగంటిందో చూడాలి.

360 దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. 240 ఓల్టుల కాయిల్ దాదాపు 85 శాతం దాకా, అంటే 204 ఉంటేనే గట్టిగా లాగుతుందని లెక్క. లైన్ల మధ్య 360 అంటే ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 208. మీరు అంచు మీద ఉన్నారు. మారే క్షణంలో ఓల్టేజి ఇంకాస్త కుంగితే డెల్టా గిలగిలా కొట్టుకుంటుంది, కాంటాక్టులు మళ్లీ కరుగుతాయి. సాయంత్రం స్టార్ట్ తప్పించి, నీళ్లు తోడే పని పొద్దున పెట్టుకోగలిగితే అంతకన్నా చవకైన రిపేరు లేదు. పోటు వేళకే తోడాల్సి వస్తుందని తెలుసు, వీలైన రోజుల్లో చెయ్యండి.

రిలే గురించి. 16 సరైనదే, దాన్ని పెంచకండి. 20 హెచ్‌పీ మోటారు నిండు బరువు మీద సుమారు 27, 28 ఆంపియర్లు తీస్తుంది. కానీ మీ రిలే మెయిన్ కాంటాక్టర్ తరవాత, మోటారు మొదళ్లకు వెళ్లే వైర్ల మీద ఉండి ఉంటుంది. డెల్టాలో ఆ వైరుకు లైను కరెంటులో 58 శాతమే వస్తుంది, అంటే 16. మీరు పానెల్ తెరిచినప్పుడు రిలే అక్కడే ఉందో లేదో చూసుకోండి. స్టార్‌లో మాత్రం లైను కరెంటంతా వైండింగ్ గుండానే పోతుంది. స్టార్‌లో ఉండిపోయిన మీ మోటారు ఆ వైర్ల మీద 16కు బాగా పైన తీసింది, రిలే రెండు మూడు నిమిషాల్లో దాన్ని పట్టుకుంది. మోటారు బతికింది అందుకే. కొన్ని పానెళ్లలో రిలేను సప్లై వైపు పెట్టి 28 మీద సెట్ చేస్తారు. అలాంటి చోట మోటారు స్టార్‌లో ఉండిపోతే రిలేకు అంతా మామూలుగానే కనపడుతుంది, వైండింగ్ మాత్రం లోపల కాలిపోతుంది. ఎవరైనా ట్రిప్ అవుతోంది కదా అని మీ రిలేను 28కి తిప్పితే మీదీ ఆ లెక్కలోకే వస్తుంది.

మోటారు వైర్లు మళ్లీ కలిపేటప్పుడు ఒక జాగ్రత్త. కోవూరు వైపు ఒక రైస్ మిల్లులో చాలా ఏళ్ల కిందట జరిగింది చెబుతాను. మోటారు రివైండింగ్ నుంచి వచ్చింది. వైర్లకు కట్టిన గుర్తులు దారిలో ఊడిపోయాయి. అక్కడి మనిషి మూడు మొదళ్లు సరిగ్గానే పట్టుకుని, చివరలు మూడూ తోచినట్టు బిగించాడు. స్టార్‌లో మోటారు వెన్నలా తిరిగింది. డెల్టా పడగానే గుర్రుమని ఊగి ట్రిప్ అయింది. నేను వెళ్లేసరికి టైమర్ రెండుసార్లు మార్చి ఉన్నారు. నాకూ మొదట టైమరే అనిపించి అరగంట దానితోనే గడిపాను. మిల్లు యజమాని తండ్రి, పెద్దాయన, పక్కన కూర్చుని, "అబ్బయ్యా, స్టార్‌లో బాగుండి డెల్టాలో బాగులేదంటే, డెల్టా వైర్లు చూశావా?" అన్నారు. ఆయనకు కరెంటు పని రాదు. కానీ అడిగింది సరైన ప్రశ్న.

స్టార్‌లో చివరలు మూడూ ఒకే ముడిలో పడతాయి, ఏది ఎటు ఉన్నా తేడా తెలియదు. తప్పు డెల్టాలోనే బయటపడుతుంది. రెండు చివరలు తారుమారైతే ఒక వైండింగ్‌కు రెండు వైపులా ఒకే ఫేజు వస్తుంది, అది పనిచెయ్యదు, మిగతా రెండింటి మీదే బరువంతా పడుతుంది. చూసే పద్ధతి సులువు. మెయిన్ ఆఫ్ చేసి, మోటారు వైర్లు విప్పి, బీప్‌తో మూడు జతలు గుర్తించండి. యూ1 యూ2 ఒక జత, వీ1 వీ2 ఒకటి, డబ్ల్యూ1 డబ్ల్యూ2 ఒకటి. పాత మోటార్లలో ఏ1 ఏ2, బీ1 బీ2, సీ1 సీ2 అని ఉంటుంది. ఆర్ ఫేజు యూ1కి, వై వీ1కి, బీ డబ్ల్యూ1కి వెళ్తుంటే, డెల్టా కాంటాక్టర్ నుంచి ఆర్ వీ2కి, వై డబ్ల్యూ2కి, బీ యూ2కి వెళ్లాలి. ఏ జతకూ రెండు చివరలా ఒకే ఫేజు రాకూడదు. మూడింటినీ ఇంకో వైపు జరిపినా, అంటే ఆర్ డబ్ల్యూ2కి, వై యూ2కి, బీ వీ2కి ఇచ్చినా డెల్టానే అవుతుంది, మోటారు అటే తిరుగుతుంది. కాకపోతే మారేటప్పుడు కుదుపు ఎక్కువ. అన్నీ బాగుండి వారానికి ఒకటి రెండుసార్లు మాత్రం మారేటప్పుడు ఎంసీబీ పడే పానెళ్లలో నేను ఈ వరస చూస్తాను. ఒక వైండింగ్ మొదలూ చివరా తారుమారైతే మాత్రం స్టార్‌లోనే మూలుగుతుంది, డెల్టా దాకా ఆగదు.

మీ వైర్లకు టేపు అంటించి విప్పమన్నది ఇందుకే. ఆరేళ్లు నడిచిన వరసను అలాగే తిరిగి పెడితే ఈ తలనొప్పి మీకు రాదు.

అన్నీ కలిపాక ముందు పొద్దుటి పూట, ఓల్టేజి బాగున్నప్పుడు స్టార్ట్ చేయండి. డెల్టా పడి వాల్వ్ పూర్తిగా తెరిచాక మూడు ఫేజుల మీదా టాంగ్ టెస్టర్ పెట్టండి. మూడూ దగ్గర దగ్గరగా, మోటారు ప్లేటు మీద రాసిన ఆంపియర్లకు లోపల ఉండాలి. ఆ మూడు అంకెలూ, టైమర్ సెకన్లూ, ఆ రోజు ఓల్టేజీ పానెల్ తలుపు లోపల మార్కర్‌తో రాసిపెట్టండి. మీకు పోటు రోజుల్లో స్టార్ట్‌లు ఎక్కువ ఉంటాయి కాబట్టి మూడు నెలలకోసారి మెయిన్ ఆఫ్ చేసి స్టార్ కాంటాక్టర్ మూత తీసి చూడండి. పచ్చటి చిలుం కనపడితే కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి, గ్రీజు మాత్రం రాయకండి. కేబుల్ లోపలికి వచ్చే రంధ్రాల్లో గ్లాండు లేకపోతే వేయించండి. ఉప్పుగాలి, బల్లి రెండూ వచ్చేది ఆ దారినే.